ఒక్క 16 జీబీనా, రెండు 8 జీబీలా: గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కు ర్యామ్ ఎంపిక

విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనకుండా, ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌తో ఆటలు ఆడుకుందామని సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లి కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునేవారికి దుకాణంలో తరచుగా ఒక సలహా వినిపిస్తుంది. "ఇప్పటికి ఒక్క 16 జీబీ స్టిక్ వేయించుకోండి, ఇంకో స్లాట్ ఖాళీగా ఉంటుంది, రేపు కావాలంటే పెంచుకోవచ్చు" అంటారు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌కు ఇది తప్పు సలహా ఏమీ కాదు. కార్డు లేని కంప్యూటర్‌లో మాత్రం ఈ ఒక్క నిర్ణయం వల్ల ఆటల వేగం దాదాపు మూడో వంతు తగ్గిపోవచ్చు. ప్రాసెసర్ అదే, ర్యామ్ మొత్తం అదే 16 జీబీ, ఖర్చులోనూ పెద్దగా తేడా ఉండదు. అయినా ఫలితం అంత మారుతుంది కనుక, డబ్బు చెల్లించే ముందే దీని కారణం తెలుసుకోవడం మేలు.

విడి గ్రాఫిక్స్ కార్డుకు దాని సొంత మెమరీ దానిమీదే ఉంటుంది. ఉదాహరణకు పాత జీటీఎక్స్ 1650 కార్డు తన మెమరీ నుంచి సెకనుకు 128 జీబీ సమాచారాన్ని తెచ్చుకోగలదు. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు ఆ వసతి లేదు. మదర్‌బోర్డు మీద మనం గుచ్చిన ర్యామే దానికి దిక్కు, అదీ ప్రాసెసర్‌తో కలిసి పంచుకోవలసిందే. ర్యామ్ నుంచి ప్రాసెసర్‌కు సమాచారం నడిచే దారిని ఛానల్ అంటారు. డీడీఆర్4 ర్యామ్‌లో ఒక ఛానల్ వెడల్పు 64 బిట్లు, అంటే ఒక్కో విడతకు 8 బైట్లు. 3200 వేగం గల ర్యామ్ సెకనుకు 320 కోట్ల విడతలు పంపుతుంది కనుక, ఒక్క స్టిక్ ఉంటే సెకనుకు 25.6 జీబీ వస్తుంది. రెండు స్టిక్‌లను రెండు వేర్వేరు ఛానళ్లలో అమరిస్తే రెండు దారులూ ఒకేసారి తెరుచుకుని 51.2 జీబీ అవుతుంది. దీన్నే డ్యూయల్ ఛానల్ అంటారు. స్టిక్‌ల సామర్థ్యంతో ఈ లెక్కకు సంబంధం లేదు. 8 జీబీ స్టిక్ అయినా, 32 జీబీ స్టిక్ అయినా ఒక్కటే ఉన్నంతకాలం దారి ఒక్కటే.

ఈ 25.6 జీబీ అనేది వినడానికి పెద్ద అంకెలాగే ఉంటుంది. దాన్ని ఫ్రేముల్లోకి పంచి చూస్తే అసలు ఇరుకు తెలుస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది సుమారు 427 ఎంబీ మాత్రమే. 1920×1080 తెర మీద కనిపించే తుది చిత్రం 8 ఎంబీకి కాస్త పైన ఉంటుంది కాబట్టి ఇది చాలదా అనిపించవచ్చు. కానీ ఆ ఒక్క చిత్రం తయారయ్యేలోపు గోడలు, నేల, మనుషుల మీది టెక్స్చర్లు చదవాలి, ఏ వస్తువు ముందుందో ఏది వెనకుందో చెప్పే లోతు సమాచారాన్ని రాసి మళ్లీ చదవాలి, నీడలను విడిగా గీయాలి, వెలుగులు కలపాలి, చివర్లో మెరుగులు దిద్దడానికి మొత్తం చిత్రాన్ని పలుమార్లు తిరగరాయాలి. ఇదంతా అదే దారిలో సాగాలి, ప్రాసెసర్ తన పనికి కావలసింది కూడా అదే దారిలో తెచ్చుకోవాలి. దారి ఇరుకైనప్పుడు గ్రాఫిక్స్ భాగం పని చేసే సమయం కన్నా సమాచారం కోసం ఎదురుచూసే సమయం ఎక్కువవుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆట నడుస్తుండగా `Task Manager` తెరిచి చూస్తే గ్రాఫిక్స్ వాడకం 98, 99 శాతం అని కనిపిస్తుంది. దాన్ని చూసి, గ్రాఫిక్స్ తన శక్తి మేరకు పని చేస్తోంది, ఇంతకన్నా ఏమీ చేయలేం అనుకుంటారు. ఆ అంకె గ్రాఫిక్స్ ఖాళీగా లేదని మాత్రమే చెబుతుంది. లెక్కలు చేస్తూ తీరిక లేకుండా ఉందా, మెమరీ కోసం నిలబడి ఉందా అన్న తేడా అందులో కనిపించదు. బయోస్‌లో గ్రాఫిక్స్ క్లాక్‌ను కొంత పెంచినా ఫ్రేములు కదలకుండా, ర్యామ్ వేగం పెంచితే కదిలితే, కొరత మెమరీ దారిలోనే ఉందని నిర్ధారించుకోవచ్చు.

ఒకే కంప్యూటర్‌లో నాలుగు అమరికలు

మా మేనల్లుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటూ చదువుకుంటున్నాడు. రైజెన్ 5 5600జి ప్రాసెసర్, నాలుగు ర్యామ్ స్లాట్లున్న బీ450 మదర్‌బోర్డు, ఒక్క 16 జీబీ డీడీఆర్4 3200 స్టిక్‌తో కంప్యూటర్ తీసుకున్నాడు. ఆ ప్రాసెసర్‌లో ఏడు కంప్యూట్ యూనిట్ల వేగా గ్రాఫిక్స్ ఉంటుంది. "మామయ్యా, యూట్యూబ్‌లో ఇదే ప్రాసెసర్ మీద జీటీఏ 5 సాఫీగా నడుస్తోంది, నా దాంట్లో మాత్రం ఎందుకు ఈడ్చుకుంటోంది?" అని ఫోన్ చేశాడు. ఒక ఆదివారం నా కంప్యూటర్‌లోని రెండు 8 జీబీ 3200 స్టిక్‌లు విప్పి పట్టుకెళ్లాను. మొత్తం సామర్థ్యం రెండు సందర్భాల్లోనూ 16 జీబీయే ఉండాలన్నది నా పట్టుదల. ఎందుకంటే ఒక్క 8 జీబీ ఉన్న కంప్యూటర్‌కు ఇంకో 8 జీబీ కలిపి వేగం పెరిగిందంటే, అది దారి వెడల్పు వల్ల వచ్చిందో, చోటు పెరగడం వల్ల వచ్చిందో విడదీసి చెప్పలేం.

జీటీఏ 5లో సెట్టింగ్స్ మెనూ లోపలే బెంచ్‌మార్క్ ఉంటుంది. అదే దృశ్యం, అదే దారి ప్రతిసారీ నడుస్తుంది కనుక పోల్చడానికి అనువైనది. 1080పీ, సెట్టింగులన్నీ నార్మల్‌లో పెట్టి, ఒక్కో అమరికకు మూడుసార్లు నడిపి, మొదటిదాన్ని వదిలేశాము. మొదటిసారి ఆట ఇంకా డిస్కు నుంచి సమాచారం తెచ్చుకుంటూ ఉంటుంది, ఆ అంకె నమ్మదగినది కాదు.

అతని ఒక్క 16 జీబీ స్టిక్‌తో సగటున 44 ఫ్రేముల దగ్గర ఆగింది. రద్దీ రోడ్ల మీదకు వచ్చినప్పుడు 29కి పడిపోయింది. అతను ఈడ్చుకుంటోంది అన్నది ఆ పడిపోవడాన్నే. నా రెండు 8 జీబీ స్టిక్‌లను రెండో, నాలుగో స్లాట్లలో గుచ్చి బయోస్‌లో, ర్యామ్‌ను దాని మీద ముద్రించిన వేగానికి నడిపే ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌ను ఆన్ చేశాక సగటు 64కు, అట్టడుగు అంకె 45కు చేరాయి. దారి రెట్టింపైనా ఫ్రేములు రెట్టింపు కాలేదు, కావు కూడా. దారి తెరుచుకున్నాక గ్రాఫిక్స్ యూనిట్ల సొంత బలం, ప్రాసెసర్ వేగం అడ్డుకట్టలుగా నిలుస్తాయి.

మూడో అమరిక కావాలనే తప్పుగా చేశాను. అవే రెండు స్టిక్‌లను మొదటి, రెండో స్లాట్లలో పక్కపక్కన గుచ్చాను. చాలా నాలుగు స్లాట్ల మదర్‌బోర్డుల్లో పక్కపక్కనున్న జత ఒకే ఛానల్‌కు చెందుతుంది. `Task Manager`లో 16 జీబీ కనిపించింది, రెండు స్లాట్లు వాడుకలో ఉన్నాయని కూడా చూపింది, ఫలితం మాత్రం తిరిగి మొదటి అంకె దగ్గరకే వచ్చింది. రెండు స్టిక్‌లు కొన్నాం కదా, ఇక డ్యూయల్ ఛానలే అని నిశ్చింతగా ఉండకూడదని అతను కళ్లారా చూడాలనే ఇలా చేశాను.

నాలుగోది ఎక్స్‌ఎంపీ ఆపేసిన అమరిక. స్టిక్ మీద 3200 అని ముద్రించి ఉన్నా, ఆ ప్రొఫైల్‌ను బయోస్‌లో ఆన్ చేయకపోతే చాలా స్టిక్‌లు 2133, 2400 లేదా 2666 దగ్గరే నడుస్తాయి. ఈ జత 2133కు దిగింది. అప్పుడు రెండు దారులు కలిపినా సెకనుకు 34 జీబీ మాత్రమే. సగటు 53 దగ్గరకు వచ్చింది, అంటే ఒక్క స్టిక్‌కూ, సరైన జతకూ నడుమన. ఈ ఫ్రేముల అంకెలు ఆ ఒక్క కంప్యూటర్‌వి, ఆ ఒక్క ఆటవి. వేరే ఆటలో అంతరం ఇంతకన్నా తక్కువగానో ఎక్కువగానో ఉంటుంది, వరస మాత్రం ఇలాగే ఉంటుంది.

వాలరెంట్ కూడా నడిపి చూశాము. అందులోనూ అంకె పెరిగింది కానీ అతనికి తేడా తెలియలేదు. అతని మానిటర్ సెకనుకు 75 ఫ్రేములు మాత్రమే చూపగలదు, ఒక్క స్టిక్‌తోనే ఆట ఆ హద్దు దాటి నడుస్తోంది. తేలికైన ఆటలు మాత్రమే ఆడేవారికి, అదీ మామూలు మానిటర్ మీద ఆడేవారికి, ఈ విషయం అంత ముఖ్యం కాదు. పెద్ద బహిరంగ ప్రపంచాల ఆటలు ఆడేవారు అసలు రాజీపడకూడదు.

ఏది ఎప్పుడు ఎంచుకోవాలి

మొత్తం 16 జీబీ కొనే స్థోమత ఉండి, గ్రాఫిక్స్ కార్డు ఇప్పట్లో కొనే ఉద్దేశం లేకపోతే రెండు 8 జీబీ స్టిక్‌లే తీసుకోవాలి, అదీ ఒకే పెట్టెలో జతగా వచ్చేవి అయితే మంచిది. స్లాట్ ఖాళీగా ఉంచుకోవడం వల్ల వచ్చే లాభం రేపటిది. ఒక్క స్టిక్ వల్ల వచ్చే నష్టం కంప్యూటర్ ఇంటికి వచ్చిన రోజు నుంచే మొదలవుతుంది. రెండు స్లాట్లే ఉన్న ఏ520, హెచ్610 బోర్డుల్లో రెండూ నిండిపోతాయని భయపడేవారు కూడా ఈ తూకమే వేసుకోవాలి.

నెలా రెండు నెలల్లో రెండో 16 జీబీ తప్పకుండా కొనబోతున్నవారికీ, త్వరలో గ్రాఫిక్స్ కార్డు పెట్టబోతున్నవారికీ ఒక్క 16 జీబీ స్టిక్ సరైన ఎంపికే. కార్డు వచ్చాక చిత్రాల భారమంతా కార్డు మెమరీ మీదకు పోతుంది, అప్పుడు డ్యూయల్ ఛానల్ ప్రయోజనం బాగా తగ్గుతుంది. ఈ "త్వరలో" నిజంగా త్వరలోనేనా అన్నది మాత్రం ఎవరికి వారు నిజాయితీగా ఆలోచించుకోవాలి. మూడేళ్లుగా ఒక్క స్టిక్‌తోనే నెట్టుకొస్తున్న కంప్యూటర్లను నేను చాలా చూశాను.

డబ్బు బొత్తిగా చాలక 8 జీబీతో సరిపెట్టుకోవలసి వస్తే, రెండు 4 జీబీలు కొనమని నేను చెప్పను. గ్రాఫిక్స్ కోసం బయోస్ 2 జీబీ పక్కన పెడితే విండోస్‌కూ ఆటకూ కలిపి 6 జీబీ మిగులుతుంది. దారి వెడల్పయినా చోటు చాలక ఆట డిస్కు మీదకు పొర్లుతుంది. ఇప్పుడు ఒక్క 8 జీబీ తీసుకుని, తరువాత అలాంటిదే ఇంకొకటి కలపడం మేలు. ఈ రెండు రోగాల లక్షణాలు కూడా వేరుగా ఉంటాయి. దారి ఇరుకైతే ఫ్రేములు ఎప్పుడూ తక్కువగా, కానీ ఒక తీరుగా ఉంటాయి. చోటు చాలకపోతే ఆట కొంతసేపు బాగా నడిచి, ఉన్నట్టుండి అర సెకను, ఒక సెకను బిగుసుకుపోతుంది, అదే క్షణంలో డిస్కు వాడకం పైకి లేస్తుంది.

ఒక్క స్టిక్‌నే ఇంకా వేగవంతమైనది కొంటే సరిపోతుందా అని అడిగేవారున్నారు. డీడీఆర్4 3600 స్టిక్ ఒక్కటి ఇచ్చేది సెకనుకు 28.8 జీబీ. మందకొడి 2666 స్టిక్‌లు రెండు కలిపితే 42.6 జీబీ. కనుక వేగమైన ఒంటరి స్టిక్ కన్నా మామూలు జతే నయం. డీడీఆర్5 విషయంలో లెక్క పైకి జరుగుతుంది. ఒక్క 6000 స్టిక్ 48 జీబీ ఇస్తుంది, అంటే డీడీఆర్4 3200 జతకు దరిదాపుల్లో ఉంటుంది. అయితే రైజెన్ 5 8600జి వంటి డీడీఆర్5 ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్ కూడా అంతకన్నా బలమైనది, దాని ఆకలీ ఎక్కువే, కాబట్టి అక్కడా జతే కావాలి. డీడీఆర్5 స్టిక్ లోపల 32 బిట్ల ఉపఛానళ్లు రెండు ఉంటాయి. దీన్ని పట్టుకుని ఒక్క స్టిక్కే డ్యూయల్ ఛానల్ అని చెప్పేవారి మాట నమ్మకూడదు. రెండూ కలిపితే అదే పాత 64 బిట్లు, రెండో స్టిక్ వస్తేనే 128 అవుతాయి.

కొనేటప్పుడు స్టిక్ మీది స్టిక్కర్‌ను కాస్త పరిశీలించడం మంచిది. ల్యాప్‌టాప్ ర్యామ్‌ల మీద సాధారణంగా `8GB 1Rx8` అనో `8GB 1Rx16` అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండోదాంట్లో ఎనిమిదికి బదులు నాలుగు చిప్‌లే ఉంటాయి, లోపలి బ్యాంక్ గ్రూపులు సగమే ఉంటాయి కనుక అదే 3200 వేగంలోనూ కొద్దిగా వెనకబడుతుంది. ఎంచుకునే అవకాశం ఉంటే మొదటిదే తీసుకోవాలి. డీడీఆర్5లో 8 జీబీ స్టిక్‌లు ఎక్కువగా రెండో రకంవే, అందుకే అక్కడ వీలైతే రెండు 16 జీబీలకు వెళ్లడం ఇంకా బాగుంటుంది. అయినా ఈ తేడా, ఒక్క స్టిక్‌కూ జతకూ ఉన్న తేడా ముందు చిన్నదే.

అమర్చాక సరిచూసుకోవడం

నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లు వాడమని చాలా బోర్డుల మాన్యువళ్లు చెబుతాయి. అయినా సొంత బోర్డు మాన్యువల్‌లో ఆ పేజీ ఒకసారి చూడాలి. కంప్యూటర్ మూత తెరవకుండా తెలుసుకోవాలంటే పవర్‌షెల్‌లో ఈ ఆదేశం ఇవ్వవచ్చు.

```
Get-CimInstance Win32_PhysicalMemory |
  Select-Object BankLabel, DeviceLocator, ConfiguredClockSpeed
```

స్టిక్‌కు ఒక వరుస చొప్పున వస్తుంది. బోర్డును బట్టి `CHANNEL A`, `CHANNEL B` అనో, `DIMM_A2`, `DIMM_B2` అనో కనిపిస్తుంది. రెండు వరుసల్లోనూ `A`యే ఉంటే స్టిక్‌లు ఒకే దారిలో కూర్చున్నట్లు. చివరి గడిలో 3200కు బదులు 2133 అనో 2400 అనో ఉంటే ఎక్స్‌ఎంపీ ఆన్ కాలేదని అర్థం. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంటే `Memory` పేజీలో ఛానళ్ల సంఖ్య నేరుగా చూపిస్తుంది. డీడీఆర్5 జతకు అది `4 x 32-bit` అని రాస్తుంది, దాన్ని చూసి నాలుగు ఛానళ్లు అనుకోకూడదు, ఒక్క స్టిక్‌కు `2 x 32-bit` అని చూపుతుంది.

రెండు స్టిక్‌లు గుచ్చినా సగం ర్యామే కనిపిస్తే, కంప్యూటర్‌ను ఆపి ప్లగ్ తీసి, స్టిక్‌లను బయటకు తీసి బంగారు రంగు కాంటాక్టులను మెత్తని పెన్సిల్ రబ్బరుతో తుడిచి, రవ్వలు దులిపి, రెండు వైపులా క్లిప్ టక్కుమనేలా నొక్కాలి. మన ఊరి దుమ్ము వల్ల వచ్చే ఈ ఇబ్బంది చాలాసార్లు ఈ మాత్రం పనితోనే తీరిపోతుంది. అప్పటికీ మారకపోతే ఒక్కో స్టిక్‌ను విడిగా ఒకే స్లాట్‌లో పెట్టి చూడాలి. రెండూ అక్కడ బాగా పని చేసి, రెండో ఛానల్ స్లాట్‌లో మాత్రం ఏదీ పట్టకపోతే, లోపం స్టిక్‌లలో కాదు, స్లాట్‌లోనో, ప్రాసెసర్ పిన్నుల్లోనో ఉంది. రైజెన్ 5 5600జి రకం ప్రాసెసర్లకు పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి, కూలర్ విప్పేటప్పుడు ప్రాసెసర్ దానికి అంటుకుని లేచి వచ్చి ఒకటి రెండు పిన్నులు వంగిపోవడం నేను చూసిన సంగతే. ఇంకొక మాట: వేర్వేరు సమయాల్లో కొన్న స్టిక్‌లను జతచేస్తే రెండూ కలిసి తక్కువ వేగం గలదాని వేగానికే నడుస్తాయి, కొన్నిసార్లు ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే కంప్యూటర్ తెరుచుకోదు. అలాంటప్పుడు 3200 నుంచి 2933కు, 2666కు దించి చూసుకోవాలి. దించినా డ్యూయల్ ఛానల్ లాభం చాలావరకు నిలుస్తుంది.

ల్యాప్‌టాప్ కొనేవారు ముందుగా తెలుసుకోవలసింది బోర్డుకే అతికించిన ర్యామ్ ఎంత, ఖాళీ స్లాట్ ఉందా లేదా అన్నది. 8 జీబీ అతికించి, ఒక స్లాట్ ఖాళీగా ఉన్న నమూనాలు చాలా ఉన్నాయి. అందులో 8 జీబీ వేస్తే పూర్తి డ్యూయల్ ఛానల్ అవుతుంది. 16 జీబీ వేస్తే మొదటి 8, రెండో దాంట్లోని 8 కలిసి రెండు దారుల్లో నడుస్తాయి, మిగిలిన 8 జీబీ ఒంటి దారిలో ఉంటుంది. ఇంటెల్ దీన్ని ఫ్లెక్స్ మోడ్ అంటుంది. ఆటలకు ఇది ఒక్క స్టిక్ కన్నా ఎంతో మెరుగు, కనుక సంకోచించనవసరం లేదు. స్లాటే లేకుండా ఎల్పీడీడీఆర్ మెమరీ మొత్తం అతికించిన సన్నని ల్యాప్‌టాప్‌లలో మనం చేయగలిగింది ఏమీ లేదు, అవి ఎక్కువగా 128 బిట్ల వెడల్పుతోనే వస్తాయి.

ఇంటెల్ ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఒక విశేషం ఉంది. రెండు ఛానళ్లు ఉంటేనే ఆ పేరు వాడాలని ఇంటెల్ నియమం పెట్టింది. అందువల్ల పెట్టె మీద ఏమి ముద్రించినా, ఒక్క ర్యామ్‌తో ఉన్నంతకాలం `Device Manager`లో `Display adapters` కింద `Intel(R) UHD Graphics` అనే కనిపిస్తుంది. రెండో స్టిక్ గుచ్చి, అడుగు మూత బిగించి, విండోస్ తెరుచుకున్నాక అదే చోట చూడాలి. అక్కడ `Intel(R) Iris(R) Xe Graphics` అని మారి ఉంటే రెండో దారి తెరుచుకున్నట్లే. మారకపోతే మూత మళ్లీ విప్పి స్టిక్‌ను సరిగా నొక్కాలి.